మెడ మీద పెట్టని కాలు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. మా మెట్‌పల్లి వైపు అలా పుట్టినవాడి కాలికి ఒక గౌరవం ఉంది. నడుం పట్టేసినా, మెడ పట్టేసినా వాడొచ్చి కాలితో తాకితే పట్టు వదిలిపోతుందంటారు. చదువు నాకు ఒంటబట్టలేదు గాని ఈ పేరు మాత్రం అడక్కుండానే వచ్చింది. సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో మా క్యాంపులో నేను స్కాఫోల్డింగ్ పనివాడినని ఎందరికి తెలుసో గాని, సదానందం కాలంటే బంగ్లావాళ్ళకు కూడా తెలుసు. పట్టేసినవాడు బోర్లా పడుకుంటాడు. నేను ఎడమ మడమతో మూడుసార్లు తాకించి తొక్కుతాను. వాడు లేచి "పోయింది" అంటాడు. నిజంగా పోయిందో లేదో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ ఏడాది మా కంపెనీ ఎర్రలో పడింది. సౌదీవాళ్ళను సరిపడా పనిలో పెట్టుకోని కంపెనీకి ప్రభుత్వం ఎర్ర రంగు వేస్తుంది, దాన్నే నితాకత్ అంటారు. ఎర్రలో పడ్డాక మా ఇకామాలు, అంటే అక్కడ ఉండి పనిచేసే పర్మిట్ కార్డులు, రెన్యువల్ కాలేదు. దానికితోడు మనిషి మనిషికీ కట్టాల్సిన లెవీ పెరిగింది, కంపెనీ చేతులెత్తేసింది. పని లేదు, జీతం లేదు, జేబులో ఉన్న ఇకామా గడువు తీరి అట్టముక్కయింది. పోలీసు ఆపితే ఏం చూపించాలో తెలియక మేం క్యాంపు గేటు దాటడం మానేశాం. ఆఫీసువాళ్ళు మాత్రం నెలకు నలుగురైదుగురికి ఖురూజ్ కొట్టించి ఇంటికి పంపుతున్నారు. ఖురూజ్ అంటే మళ్ళీ రాకుండా దేశం వదిలిపోయే పర్మిషన్. దానికీ ఒక గడువుంటుంది. ఆ గడువులోగా విమానం ఎక్కకపోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ దినాల్లోనే నా మెడ పట్టేసింది. జీతాల కేసు కోసం తప్పనిసరై లేబర్ కోర్టుకు పోయి వస్తూ బస్సులో ఏసీ గాలి కింద తల కిటికీకి వాల్చి పడుకున్నాను. లేచేసరికి తల కుడివైపు తిరిగి అక్కడే ఉండిపోయింది. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. క్యాంపు క్యాంపంతా నవ్వింది. "ఇప్పుడు నీ కాలు నీ మెడ మీద ఎట్ల పెట్టుకుంటవే?" అని మా రూం నాగేందర్ ఏడిపించాడు. వాడు ఆర్మూరోడు, నోటికి గేటు ఉండదు.

రెండోనాడు ఓర్చుకోలేక భయపడుతూనే టౌనులో చిన్న క్లినిక్‌కు పోయాను. అక్కడ నర్సు సృజనది మా జగిత్యాల పక్కనే. ఇకామా గడువు తీరిందని చెప్తే రిసెప్షన్‌లో మాట్లాడి లోపలికి తీసుకుపోయింది. మిస్రీ డాక్టరు, అంటే ఈజిప్టు ఆయన, జ్వరం చూశాడు. గడ్డం ఛాతీకి ఆనించమన్నాడు. తన రెండు వేళ్ళు నా రెండు చేతుల్లో పెట్టి గట్టిగా పిసకమన్నాడు. చేతులు తిమ్మిర్లా, నడక తూలుతోందా, ఎక్కడైనా పడ్డావా అని అడిగించాడు. అన్నిటికీ లేదన్నాను.

"ఉత్త కండరం పట్టేసిందన్నా" అంది సృజన. "వేడినీళ్ళ బట్ట కాపు, పారాసిటమాల్, దిండు పల్చగ. మంచంల పడి ఉండకు, నొప్పి ఓర్చుకునేంత వరకు మెల్లగ తిప్పుకుంట తిరుగు. నాలుగైదు దినాలల్ల, మహా అంటే వారంల పోతది. గాని ఎవ్వరితోని మెడ విరిపించుకోకు."

అంతటితో ఆగితే బాగుండేది. నా కాలి సంగతి ఎవరు చెప్పారో, దాని మీదికొచ్చింది. "నువ్వు మందికి మెడమీద కాలు పెడుతున్నవంట గద? మెడ పట్టుడుతోని జ్వరం వచ్చినా, చెయ్యి బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, తట్టుకోలేని తలనొప్పీ వాంతులున్నా, ఉచ్చ ఆగకపోయినా, అది కండరం కాదు. ఆ మనిషి మీద కాలేస్తే ఏమైతదో తెలుసా?"

చిన్నపిల్ల, నా చెల్లెలంత ఉంటుంది, అందరి ముందూ అలా అనేసరికి నాకు ఒళ్ళు మండింది. మా నాయన నాటి నుంచి ఉన్న నమ్మకాన్ని సూది పట్టేవాళ్ళు తీసిపారేస్తే ఎలా ఉంటుంది? మందుల చీటీ తీసుకుని వచ్చేశాను. మెడ మాత్రం ఆమె చెప్పినట్టే వారంలోపు వదిలింది. అది నా దిండు ఎండలో పెట్టినందుకేనని నాగేందర్ వాదించాడు.

నెల తిరక్కుండానే భోజన్న మెడ పట్టేసింది.

భోజన్న మా రూంలో అందరికన్నా పెద్ద. తాపీమేస్త్రీ, ఊరు కోరుట్ల అవతల. షుగరుంది, గోలీలు అయిపోయి చాన్నాళ్ళయినా ఎవరికీ చెప్పలేదు. వెనక భుజం మీద సెగ్గడ్డ లేస్తే తనే గిల్లుకుని పసుపు పెట్టుకున్నాడు. ఖురూజ్ ఎప్పుడో కొట్టించి, గడువు ఇక తీరిపోతుందనగా ఆఫీసువాళ్ళు టికెట్ ఇచ్చారు. ఎల్లుండి దమ్మాంలో విమానం. అట్టపెట్టె కట్టుకుని, ఆ సంబరంలో మధ్యాహ్నం దాని మీదే తల ఆనించి నిద్రపోయాడు. లేచేసరికి మెడ కదల్లేదు.

"నీకు పట్టినట్టే నాకూ పట్టిందిరా" అని నవ్వాడు.

మేమూ నవ్వాం. దిండు ఎండలో వేశాం, వేడినీళ్ళ బట్ట కాపాం, నా దగ్గర మిగిలిన పారాసిటమాల్ ఇచ్చాం. జ్వరముందా అన్నా అని నేను అడిగాను. లేదన్నాడు. చేత్తో తాకి చూస్తే చల్లగానే ఉంది. అప్పటికే తన దగ్గరున్న జ్వరం గోలీలు వేసుకుంటున్నాడని, జ్వరం వాటి కింద దాక్కుందని నాకేం తెలుసు?

సాయంత్రం ఇంటి నుంచి ఆయన భార్య గౌరవ్వ ఫోన్ చేసింది. నా చేతికి ఇప్పించుకుంది. "మరిదీ, నీ కాలు మంచిదంటరు. జర ఒక్కసారి పెట్టు. మెడ వంకర పెట్టుకొని వస్తే ఇంటికాడ మంది ఏమనుకుంటరు?"

రేపు పెడతాను వదినె, అన్నాను. ఎందుకో ఆ పూట కాలు లేవలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి భోజన్న రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, రూంలో ఏసీ ఎప్పుడూ అంతంత మాత్రమే. "ఏసీ చల్లగుంది" అన్నాడు. నాకు పట్టినప్పుడు కదలకుండా ఉంటే నొప్పి తగ్గేది. ఈయనకు పడుకున్నా ఎక్కువవుతోంది, మెడ నుంచి భుజం మీదుగా కిందికి దిగుతోందంటున్నాడు. టీ గ్లాసు ఇస్తే ఎడమచేత్తో అందుకున్నాడు. గ్లాసు జారి పడింది. "చెయ్యి జారింది" అని తనే సర్దుకున్నాడు.

నాగేందర్ బట్టతో టీ తుడుస్తున్నాడు. నాకు సృజన మాటలు ఒక్కొక్కటీ చెవిలో మోగడం మొదలెట్టాయి. ఆ పిల్ల మీద కోపం ఇంకా పోలేదు, అయినా మాటలు ఆగలేదు.

మధ్యాహ్నానికి రూంలో పదిమంది చేరారు. భోజన్నే రమ్మన్నాడు. "రేపు పొద్దున దమ్మాం బస్సు, సదానందం. పెట్టు కాలు. పట్టు ఇడిస్తే కూసోని పోత" అంటూ కింద చాప మీద బోర్లా పడుకోబోయాడు. అందరూ నా ఎడమకాలి వైపు చూస్తున్నారు. పుట్టి ఇన్నేళ్ళయింది, నా కాలిని చూసి నేనెప్పుడూ భయపడలేదు. ఆరోజు పడ్డాను. పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమంటారో రెండూ తెలుసు. మింగలేను, కక్కలేను.

"ఆగన్నా, ముందు లేచి కూసో. కాలు పెట్టాల్నంటే ఒక పద్ధతుంది" అన్నాను.

పద్ధతీ లేదు, పాడూ లేదు. నోటికొచ్చిందే చెప్పాను. ఆయన ఎదురుగా కూర్చుని నా రెండు వేళ్ళు ఆయన కుడిచేతిలో, రెండు వేళ్ళు ఎడమచేతిలో పెట్టాను. "గట్టిగ పిసుకు. దమ్మంత పెట్టి" అన్నాను. కాలి మంత్రంలో ఇదో భాగమనుకుని అందరూ చూస్తున్నారు.

కుడిచేయి నా వేళ్ళు నలిపేసింది. నలభై ఏళ్ళు తాపీ పట్టిన చేయి అది. ఎడమచేయి వేళ్ళ చుట్టూ ఊరికే ఉంది. పసిపిల్ల పట్టుకున్నట్టుంది.

"పిసుకన్నా."

"పిసుకుతున్న గదరా" అన్నాడు భోజన్న. ఆయన ముఖం చూశాను. నిజంగానే పిసుకుతున్నాననుకుంటున్నాడు.

నుదురు తాకితే కాలుతోంది. చేతులు వెనక్కి తీసుకుని లేచి నిలబడ్డాను. "నేను కాలు పెట్ట. ఈయన్ను ఆస్పత్రికి తీస్కపోవాలె" అన్నాను.

రూం ఒక్కసారి భగ్గుమంది. ఇకామా గడువు తీరినవాళ్ళు సర్కారు ఆస్పత్రికి పోతే అటునుంచి అటే జైలుకు పంపుతారని ఒకడన్నాడు. జ్వరమని తెలిస్తే ఒంటెల నుంచి అంటుకునే రోగమని క్యాంపుకు తాళం వేస్తారని, అందరి ఖురూజ్‌లూ ఆగిపోతాయని ఇంకొకడన్నాడు. "రేపు విమానం ఎక్కే మనిషిని ఆస్పత్రిల పడేస్తవా? కాలుకు పొగరెక్కిందా?" అని నాగేందర్ నా మీదికే వచ్చాడు. ఒక్క తన్నుకు పోయేదానికి ఇంత రాద్ధాంతమా అని అందరి ముఖాల్లోనూ ఉంది. వాళ్ళ భయం అబద్ధం కాదు. నాకూ అదే భయం.

బయటికొచ్చి గోడ నీడలో నిలబడి, మందుల చీటీ మీదున్న క్లినిక్ నంబరుకు ఫోన్ చేసి సృజనను పిలిపించాను. చెప్పిందంతా విని ఆమె గొంతు మార్చింది.

"అన్నా, మా క్లినిక్‌కు తేకు, టైం దండుగ. పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీకే తీస్కపో, ఇప్పుడే. షుగరుంది, గడ్డ లేసిందంటున్నవ్. ఎన్నుపూస కాడ చీము పట్టిందేమో, నరాల్ని ఒత్తుతున్నదేమో. చూస్తే గాని తెల్వది, గాని ఆగేది కాదు. మెడ ఎవ్వర్ని ముట్టనియ్యకు. ఎల్లెలకల పండవెట్టి కదలకుంట తీస్కపో."

"ఇకామా లేదు చెల్లె."

"ముందు మనిషిని చూస్తరు. నువ్వు పో."

లోపలికి వచ్చేసరికి భోజన్న గోడకు చేరబడి నన్నే చూస్తున్నాడు. "నేను రాను" అన్నాడు. "ఇంటికాడ చూపించుకుంట. ఈ ఖురూజ్ పోతే నేను మళ్ళ ఎన్నటికి పోవుడు? ఆఫీసే మూస్తున్నరు. నువ్వు నా మంచి కోరేటోనివైతే కాలు పెట్టు, లేకుంటే ఊకో."

బతిమాలాను. తిట్టాను. వినలేదు. చివరకు దండెం మీదున్న ఆయన చొక్కా తీసి ఒళ్ళో వేశాను. ఇంటికి వేసుకుపోవాలని ఇస్త్రీ చేసి పెట్టుకున్న చొక్కా అది. "దీని గుండీలు పెట్టుకో అన్నా. పెట్టుకుంటే నేను నోరు మూస్కుంట. రేపు బస్సు నేనే ఎక్కిస్త."

ఇదెంత పని అన్నట్టు చూశాడు. చొక్కా తొడుక్కున్నాడు. కుడిచేత్తో గుండీ పట్టుకుని ఎడమచేత్తో కాజా పట్టుకోబోయాడు. వేళ్ళు బట్ట మీద తిరిగాయి గాని పట్టుకోలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మూడోసారి చేయి ఒళ్ళో పడిపోయింది. దాన్ని ఆయన పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూశాడు.

"సదానందం, ఈ చెయ్యి నాది కాదురా" అన్నాడు. అని ఏడ్చాడు. ఆ మనిషి ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

నాగేందరే పరుగెత్తిపోయి మహబూబ్ సుభానిని పట్టుకొచ్చాడు. సుభానిది కడప జిల్లా, క్యాంపుకు నీళ్ళు, సరుకులు తెచ్చే పికప్ నడుపుతాడు. ఆయన ఇకామా వేరే కఫీల్, అంటే వేరే యజమాని, కింద బాగానే ఉంది. ఇకామా లేనివాణ్ణి ఎక్కించుకుంటే జరిమానా ఆయనకే పడుతుంది, బండీ పోవచ్చు. వచ్చి భోజన్నను ఒకసారి చూశాడు.

"ఏమప్పా, ఇంతసేపు ఏం జేస్తాండారు మీరు? ఎక్కిచ్చండి" అన్నాడు.

తలుపొకటి ఊడదీసి దాని మీద పడుకోబెట్టి, మెడకు రెండుపక్కలా చుట్టిన తువ్వాళ్ళు పెట్టి, నలుగురం మోసుకుపోయి పికప్ వెనక పెట్టాం. పైన టార్పాలిన్ పట్టుకుని నేను కూర్చున్నాను. ఎండకు రేకు కాలుతోంది. భోజన్న కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతున్నాడు. నేను మాటిమాటికీ కాళ్ళు కదిలించమంటున్నాను. కదిలించిన ప్రతిసారీ ఊపిరి పీల్చుకుని, మళ్ళీ భయపడుతున్నాను.

టౌను ముందర చెక్‌పోస్టు. సుభాని బండి ఆపాడు. పోలీసు ముందుకొచ్చి ఆయన కాగితాలు చూసి, వెనక్కి నడిచాడు. నా జేబులో గడువు తీరిన ఇకామా ఉంది, తీయాలా వద్దా తెలియలేదు. వాడు టార్పాలిన్ ఎత్తి చూశాడు. భోజన్న తల నుంచి చెమట కారుతోంది, పెదాలు నల్లబడ్డాయి. "ముస్తష్ఫా" అన్నాను. ఆస్పత్రి అనే ఆ ఒక్క అరబ్బీ మాటే నాకు తోచింది. పోలీసు నా ముఖం వైపు కూడా చూడలేదు. ముందున్న బండ్లను పక్కకు తప్పించి "యల్లా, యల్లా" అని చేయి ఊపాడు.

ఎమర్జెన్సీలో భోజన్న ఇకామా అడిగారు. గడువు తీరిన ఆయన కార్డే ఇచ్చాను. అక్కడ కూర్చున్నాయన నంబరు రాసుకుని లోపలికి పొమ్మన్నాడు. సూడానీ డాక్టరు వచ్చి భోజన్న చేతులు, కాళ్ళు పట్టి చూశాడు, సుత్తితో మోకాళ్ళ మీద కొట్టాడు. భుజం మీది గడ్డ చూసి, షుగరు చూసి, ఎవరెవరినో గట్టిగా పిలిచాడు. నెత్తురు తీశారు, సెలైన్ ఎక్కించారు, స్కానుకు తోసుకుపోయారు. తర్వాత డాక్టరు హిందీ వచ్చిన నర్సును పక్కన పెట్టుకుని నాకు చెప్పాడు. మెడలో ఎముకల లోపల, వెన్నునరం మీద చీము గడ్డకట్టింది. వెంటనే కోసి తీయాలి. ఇంకా ఆలస్యమైతే రెండు చేతులూ, కాళ్ళూ పోతాయి, ఊపిరి కూడా ఆగవచ్చు.

"మెడ ఎవరైనా తిప్పారా, నొక్కారా?" అని అడిగించాడు.

లేదు, అన్నాను. అక్కడే నేల మీద కూర్చుని నా ఎడమ మడమ చూసుకున్నాను.

ఆపరేషన్ జరిగింది. మర్నాడు ఆస్పత్రి వరండాలో నేను కూర్చుని ఉండగానే దమ్మాం నుంచి విమానం వెళ్ళిపోయింది. ఎవరూ నన్ను పట్టుకుపోలేదు, క్యాంపుకు తాళం పడలేదు. ఖురూజ్ గడువు మాత్రం తీరిపోయింది. ఆఫీసు ముదీర్‌కు, అంటే మేనేజరుకు, ఫోన్ చేస్తే, ఇకామా రెన్యువల్ నుంచి అన్నీ మళ్ళీ మొదలుపెట్టాలి, ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు.

సుభాని బండిలో పోతూ వస్తూ చూస్తూనే ఉన్నాను. భోజన్నకు జ్వరం దిగింది. ఇంజెక్షన్లు ఇంకా వారాల తరబడి ఇవ్వాలన్నారు. ఎడమచేయి వేళ్ళు కొద్దికొద్దిగా కదులుతున్నాయి. పూర్తిగా వస్తుందో లేదో డాక్టరు చెప్పడం లేదు. భోజన్న మాత్రం నాతో మాట్లాడటం లేదు. నేను వెళ్తే కళ్ళు మూసుకుంటాడు. గంజి తాగిస్తే తాగుతాడు. ఈయన బతికాడు, ఇంటి దారి నేనే మూసేశాను అనిపించి లోపలంతా కుమిలిపోయేది. ఒక్క మాటంటే బాగుండును, తిట్టినా బాగుండును.

ఒక సాయంత్రం గౌరవ్వ నాకు ఫోన్ చేసింది. అప్పటిదాకా మెడ ఇంకా వదల్లేదనీ, వాళ్ళు హైదరాబాద్ వచ్చాక టికెట్ మారిందనీ ఏదో సర్దిచెప్తూ వచ్చాం. ఇప్పుడు నాగేందర్ నోటి నుంచి అంతా తెలిసిపోయింది. మంచం పక్కన నిలబడి ఎత్తాను. ఆమె గొంతు ఆ వార్డంతా వినబడేంత పెద్దగా ఉంది.

"కాలు పెట్టమంటే పెట్టలేదంట గద మరిదీ? ఏం పోయింది నీది? ఒక్కసారి కాలు పెడితే నా మనిషి ఈ పాటికి ఇంట్ల ఉండెటోడు. కార్ మాట్లాడుకొని హైదరాబాద్ దాక పోయి ఊకెనే తిరిగొచ్చినం. మెడ కోపిచ్చినవ్, చెయ్యి పడగొట్టినవ్, ఖురూజ్ పోగొట్టినవ్. నీకు మేమేం అన్యాయం చేసినం?"

ఏం చెప్పను? చీము గురించి చెప్పాలా, నరం గురించి చెప్పాలా? ఆమె ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను.

భోజన్న కళ్ళు తెరిచాడు. మెడకు పట్టీ ఉంది గనక తల తిప్పలేదు, కుడిచేయి మాత్రం చాపాడు. ఫోన్ ఆ చేతిలో పెట్టాను. చెవికి ఆనించుకుని కాసేపు విన్నాడు.

"ఊకో" అన్నాడు మెల్లగా. "ఆయన కాలు పెడితే నేను ఈపాటికి ఇంటికే వస్తుంటి. పెట్టెల వస్తుంటి."

గల్ఫ్ నుంచి శవాన్ని తెచ్చే ఆ పెట్టె ఎలా ఉంటుందో మా వైపు ఊళ్ళలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. గౌరవ్వ, తిన్నావా అని అడిగింది.

"తిన్న. సదానందం తినిపిచ్చిండు" అన్నాడు భోజన్న.